ఎవరి ముఖం ఎవరి మెడ మీద

మా అక్కను ఈ వీధిలో అందరూ టచప్ అక్క అంటారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. స్టూడియోలో కెమెరా నాది, వెనక గదిలో కంప్యూటర్ ఆమెది. బయట బోర్డు మీద నా ఫొటో ఉంటుంది, లోపల పని ఆమె చేస్తుంది. నేను తీసిన ఫొటో బాగుందని ఎవరైనా మెచ్చుకుంటే ఆమె గదిలోంచి దగ్గుతుంది. ఆ దగ్గుకు అర్థం నాకొక్కడికే తెలుసు.

నాన్న ఈ స్టూడియో నడిపే రోజుల్లోనే ఆమె పనిలో దిగింది. అప్పట్లో నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మొటిమలు పూడ్చేది. పెన్సిల్ ములుకు ఎంత సన్నగా ఉండాలంటే, చెక్కడానికే సగం పూట పోయేది. పెళ్ళయింది, ఆ పెళ్ళి ఎక్కువకాలం నిలవలేదు, మళ్ళీ ఆ గదిలోకే వచ్చి కూర్చుంది. దూరానికో కళ్ళజోడు, దగ్గరికో కళ్ళజోడు, మోకాళ్ళ నొప్పి, పక్కన చల్లారిపోయిన టీ. కోపం ముక్కు మీదే ఉంటుంది. నవ్వు మాత్రం, పిల్లలకు తాయిలం పంచినట్టు, చూసి చూసి ఇస్తుంది.

ఆమెకో పట్టుదల ఉంది. ఎవరి ముఖాన్ని అయినా ఫొటోలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్ళాలంటే ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అడగాలి. "అందరూ ఒప్పుకున్నారండీ" అని ఒకరు వచ్చి చెబితే ఒప్పుకోదు. ఎందుకంటే, వెనకటికి ఒకాయన తన ఫొటో, భార్య ఫొటో విడివిడిగా తెచ్చి పక్కపక్కన నిలబెట్టి ఇమ్మన్నాడు. నాన్న సరేనన్నాడు, అక్క అతుకు తెలియకుండా కలిపి ఇచ్చింది. ఆ భార్య అతన్ని వదిలేసి వెళ్ళిపోయి అప్పటికే చాలాకాలమైందట. ఆ ఫొటో చూపించి, ఇదిగో కలిసే ఉన్నామని అతను వాళ్ళ వాళ్ళందరినీ నమ్మించాడు. ఆమె స్టూడియోకొచ్చి అరవలేదు, తిట్టలేదు. "నా మొహం మీ సొత్తెలా అయింది?" అని అక్కను అడిగి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి అక్క దగ్గర అడగనిదే పని జరగదు. గిరాకీ పోతుందని నేను తల బాదుకుంటే "పోనీరా" అంటుంది.

మా వీధి చివర రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. అక్కడ పనిచేసే ఐదుగురూ ఒకరోజు పొలోమని మా స్టూడియోకొచ్చారు. ల్యాబ్ కొత్త భవనంలోకి మారుతోంది. అక్కడ భోజనాల గదిలో పెట్టుకోవడానికి వాళ్ళకో తమాషా ఫొటో కావాలి, ఒకరి ముఖం ఇంకొకరి ఒంటి మీద ఉండాలి. ఈ ఆలోచన ఎవరిదని అడిగితే అందరూ ఒకావిడను ముందుకు తోశారు. ఆమెను ఆ ల్యాబ్‌లో సూదమ్మ అంటారు. రక్తం తీసేది ఆమే. సూది దిగిన సంగతి తెలియదని రోగులు చెప్పుకుంటారు. నోరు తెరిస్తే పక్కవాడు కడుపుబ్బా నవ్వాల్సిందే.

సూదమ్మకు తెల్లమచ్చలున్నాయి. కళ్ళ చుట్టూ, పెదాల చుట్టూ ఉన్నాయి, ఎడమ దవడ మీది పెద్ద మచ్చ మెడ మీదుగా దిగి జాకెట్టులోకి పోతుంది. రెండు చేతులూ మణికట్టు దాకా తెలుపే. చేతులు చూసి "వేరేవాళ్ళెవరైనా తీస్తారా రక్తం?" అని అడిగే రోగులు ఇప్పటికీ వస్తూనే ఉంటారట. అప్పుడు ల్యాబ్‌లో మిగతావాళ్ళు ఆమె తరఫున పోట్లాడతారు. అది అంటుజబ్బు కాదు, చర్మంలో రంగు తయారుకావడం ఆగిపోతుంది, అంతే అని మైక్రోస్కోప్ ముందు కూర్చునే ఆయన కుర్చీలోంచి లేచొచ్చి మరీ చెబుతాడట. ఈ మాట సూదమ్మే మాకు గర్వంగా చెప్పింది. "మా వాళ్ళుండగా నాకేంటక్కా" అంది.

ముందు అక్క ఒక్కొక్కరినీ వెనక గదిలోకి పిలిచి అడిగింది. నీ ముఖం ఇంకొకరి మీదికి పోతుంది, ఇంకొకరి ముఖం నీ మీదికొస్తుంది, ఫొటో గోడకెక్కుతుంది, ఫోన్లలో తిరుగుతుంది, సరేనా అని. అందరూ సరేనన్నారు. సూదమ్మ మాత్రం ఒక్క మాట చెప్పింది.

"ఏమైనా చేస్కోండి అక్కా. గాడిద మీద పెట్టినా నవ్వుతా. మచ్చలు మాత్రం తీయకండి. అవి తీస్తే అది నేను కాదు."

"తీయను," అంది అక్క.

ఆ తర్వాత నా పని. ఇలాంటి ఫొటోలో చాలామంది చెడగొట్టేది వెలుగు దగ్గరే. ఒకరి ముక్కు నీడ కుడికి, ఇంకొకరిది ఎడమకు పడితే, ఎంత బాగా అతికినా కన్ను ఒప్పుకోదు. ముఖాన్ని అద్దంలోలా తిప్పేస్తే నీడ సరిపోతుంది గానీ పుట్టుమచ్చ అటుది ఇటు వచ్చేస్తుంది, పాపిడి మారిపోతుంది. అందుకని పెద్ద గొడుగు లైటు ఒక్కటే ఎడమవైపు పెట్టి, కెమెరాను స్టాండ్ మీద బిగించేసి, ముందు ఐదుగురినీ కలిపి తీశాను. ఆ పైన ఒక్కొక్కరినీ ఐదు కుర్చీల్లోనూ కూర్చోబెట్టి, ఆ కుర్చీలో అసలు మనిషి తల ఎటు వాల్చాడో అలాగే వాల్పించి మళ్ళీ తీశాను. దాంతో ఎవరి ముఖం ఎవరికి కావాలన్నా అదే వెలుగులో, అదే కోణంలో దొరుకుతుంది. వాళ్ళకు మెడలు పట్టేశాయి. "ఏం పిచ్చి నస ఇది?" అని రిసెప్షన్ అమ్మాయి మూలుగుతుంటే, సూదమ్మ కుర్చీ కుర్చీకీ మారుతూ ఆ కుర్చీ మనిషిలా నడిచి చూపించింది. ల్యాబ్ ఇన్‌చార్జ్‌ను వాళ్ళు పెద్దాయన అంటారు. ఆయన నడక చూపిస్తే ఆయనే నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

చీట్లు వేసుకుంటే ఇలా పడింది. సూదమ్మ ముఖం రిసెప్షన్ అమ్మాయి మీదికి, ఆ అమ్మాయి ముఖం పెద్దాయన మీదికి, పెద్దాయన ముఖం సూదమ్మ మీదికి. మైక్రోస్కోప్ ఆయనా, బిల్లులు చేసే ఆవిడా ఒకరి ముఖం ఒకరు మార్చుకోవాలి.

అక్క పనికి కూర్చుంది. జుట్టూ చెవులూ వదిలేసి నుదురు నుంచి గడ్డం దాకా ముఖం తీసుకుంటుంది. కళ్ళకు కళ్ళు, నోటికి నోరు సరిపెట్టి, సైజు కుదిరాక రంగు మొదలుపెడుతుంది. ఆమె లెక్కలో మెడా చేతులూ ఎవరివో రంగు వాళ్ళదే. వచ్చిన ముఖమే ఆ మెడ రంగులోకి దిగాలి. తెలుపూ నలుపూ ఒక్కటే చూస్తే చాలదు, చర్మంలో ఎరుపెంత, పసుపెంత కూడా కలవాలి, వెలుగు పడిన చోట వేరుగా, నీడలో వేరుగా చూడాలి. చివరికి దవడ అంచును మెత్తగా చెరిపి మెడలో కలిపేస్తుంది. పెద్దాయన బాగా నలుపు, రిసెప్షన్ అమ్మాయి తెలుపు. ఆ అమ్మాయి ముఖాన్ని పెద్దాయన మెడ రంగులోకి దించి చూపిస్తే పకపకా నవ్వింది. "ఇంకొంచెం నలుపు చేసినా పర్లేదక్కా, నవ్వుకోడానికే కదా" అంది.

చిక్కంతా సూదమ్మ ముఖం దగ్గరొచ్చింది. రంగు దానంతటదే సరిచేసే పనిముట్టు కంప్యూటర్‌లో ఉంటుంది, కానీ అది మచ్చల తెలుపును కూడా సగటులో కలిపేసుకుని ముఖమంతా నలుపు వైపు లాగుతుంది, మచ్చలు లేని చోట చర్మం బొగ్గులా తేలుతుంది. అక్క మచ్చలు వదిలేసి మిగతా చర్మం వరకే ఎంచుకుని రంగు సరిచేసింది. అదీ కుదిరింది. కుదరనిది దవడ. సూదమ్మ దవడ మీది మచ్చ మెడలోకి దిగేది. ఇప్పుడు కింద ఉన్నది రిసెప్షన్ అమ్మాయి మెడ. మచ్చ అంచు దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోయింది. పెద్దాయన సంగతి దానికి తలకిందులు. సూదమ్మ మెడ మీద మచ్చ పైకొచ్చి ఆయన దవడ దగ్గర ఆగిపోయింది. చేతులు చూస్తే తెల్లగా, ముఖం చూస్తే మచ్చే లేదు.

అక్క నన్ను పిలిచి చూపించింది.

"ఎలా ఉందిరా?"

"ముఖానికి తొడుగు తగిలించినట్టుంది."

"నవ్వు రావట్లేదు కదా. ఎవరో సూదమ్మని వెక్కిరించినట్టుంది. మచ్చ తీసేయాలి, లేదంటే మెడలోకి దించాలి. తీయనని మాటిచ్చా. దించాలంటే ఆ మెడ ఎవరిదో వాళ్ళనడగాలి."

ఇక్కడే మొదలైంది. గోడకెక్కే ముందు ఎవరి భాగం వాళ్ళకు విడిగా చూపించడం అక్క పద్ధతి. తన ఒంటి మీది ముఖం, తన ముఖం వెళ్ళిన ఒళ్ళు, ఈ రెండే వాళ్ళకు చూపిస్తుంది. ఆ గదిలో అన్న మాట ఇంకొకరికి చెప్పదు. నాకు తెలిసిందంటే ఆ గదికీ కౌంటరుకూ మధ్య ఉన్నది చెక్క అడ్డుగోడ కాబట్టి.

రిసెప్షన్ అమ్మాయి వచ్చింది. మీ మెడ మీద ఇంత మేర ఆమె మచ్చ దిగాలి, సరేనా అని అక్క అడిగింది. ఆ అమ్మాయి చెయ్యి తన మెడ మీదికి పోయింది.

"వద్దక్కా. నాకేం పట్టింపు లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఈ ఫొటో వాళ్ళ కంట పడితే మెడ మీద అదేంటంటారు. ఎవరికని చెప్పుకోను? ఆమెతో అనకండి ప్లీజ్."

పెద్దాయన వచ్చాడు. ఆయన మాట ఇంకా మెత్తగా ఉంది. "నా ముఖానికి ఆ మచ్చలు పెట్టడమంటే ఆవిడని అవమానించినట్టే కదమ్మా. పాపం, ఎందుకు ఎత్తిచూపడం? శుభ్రంగా తీసేయండి. ఒక్కసారైనా మచ్చల్లేకుండా చూసుకుంటే ఆవిడే సంతోషపడుతుంది."

"తీయొద్దని ఆమే చెప్పిందండీ."

"అలాగే అంటారమ్మా. మీరు తీసేయండి."

"మీ ముఖం మీద పెట్టడం మీకిష్టమేనా, కాదా? అది చెప్పండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "వద్దులెండి," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. రంగు నలుపైతే నవ్వుతారు, మగాడికి ఆడదాని ముఖం పెడితే నవ్వుతారు. కంప్యూటర్‌లో తెల్లరంగు ఇంత పూస్తే మాత్రం చేతులు వెనక్కి లాక్కుంటారు. వీళ్ళేమైనా తెలియనివాళ్ళా? రక్తం చూసి రోగం చెప్పేవాళ్ళు కదా!

అందరినీ ప్రతి కుర్చీలోనూ తీసి ఉంచాం కాబట్టి ఇంకా దారి మూసుకుపోలేదు. సూదమ్మతో ముఖం మార్చుకోవడానికి ఇంకొకరు ఒప్పుకుంటే చాలు. అక్క బిల్లులావిడను పిలిచింది. ఆవిడ స్క్రీన్ వైపు చూడనే లేదు. తనకు అభ్యంతరం లేదట, ఇంట్లో అత్తగారికి పట్టింపులట, చూస్తే అన్నం ముట్టరట. మైక్రోస్కోప్ ఆయన వచ్చి, ఆ మచ్చలు ఎందుకొస్తాయో, ఎందుకు అంటవో, మందులేమున్నాయో వివరంగా చెప్పాడు. విన్నకొద్దీ నాకు ఆశ పుట్టింది. చివర్లో లేచి నిలబడి, "కానీ నా మీద వద్దండి," అన్నాడు. "ఎందుకో చెప్పలేను. రాత్రి అద్దంలో చూసుకుంటే గుర్తొస్తుంది. నేనన్నానని మాత్రం ఆమెకి తెలియనివ్వకండి."

ఎవరికి వాళ్ళు తామొక్కరే వద్దన్నామనుకుని వెళ్ళారు. మిగతావాళ్ళంతా ఒప్పుకునే ఉంటారని ఒక్కొక్కరి నమ్మకం.

"మచ్చలు తీసేసి ఇచ్చెయ్ అక్కా," అన్నాను. "వీళ్ళ సంగతి నీకెందుకు? నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుస్తుంది?"

"ఆమెకి తెలుస్తుంది. ఆమె అడిగింది అదొక్కటే."

"పోనీ వీళ్ళనడక్కుండా దించెయ్."

"వద్దన్నారు కదరా."

"వాళ్ళ వద్దుకి కూడా విలువేనా?"

"ఇష్టం లేని మనిషి ఒంటి మీద నేను చెయ్యి వెయ్యను," అంది. "మంచివాళ్ళైతేనే అడుగుతానా ఏం?"

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం మాడిపోయి ఉంది. నేను అంతకుమించి పెంచలేదు.

సూదమ్మ మర్నాడు డ్యూటీ దిగి వచ్చింది. తన వంతు ఎప్పుడా అని ఎదురుచూస్తోందట. వస్తూనే వెనక గదిలో స్టూలు లాక్కుని కూర్చుంది. చిన్నపిల్ల సంబరం ఆమె గొంతులో.

"నేనెవర్ని అయ్యానక్కా? తొందరగా చూపించండి."

"నీ ముఖం నీ దగ్గరే ఉంచాల్సొస్తోంది తల్లీ."

"అదేంటి?"

అక్కకు అబద్ధం చేతకాదు. నేను గుమ్మంలోకొచ్చి అందుకున్నాను. "వెలుగు కుదరలేదమ్మా. నీడ ఇటుది అటు పడింది. నా తప్పే."

సూదమ్మ నా వైపు తిరిగి చూసింది. నవ్వుతూనే ఉంది. "ఒక్కొక్కళ్ళని ఐదు కుర్చీల్లోనూ కూర్చోబెట్టారు కదన్నయ్యా. మెడలు విరిగేదాకా తిప్పారు. ఎవరిది ఎవరికైనా సరిపోవాలనే ఇలా తీస్తున్నానని మీరే చెప్పారు."

పని అంత ఒళ్ళు దగ్గరపెట్టుకుని చేసినందుకు నన్ను నేను తిట్టుకోవడం అదే మొదటిసారి.

ఆమె అక్క వైపు తిరిగింది. "మచ్చల గురించా?"

అక్క తన పనంతా దాచకుండా చూపించింది. దవడ దగ్గర మచ్చ ఎలా ఆగిపోతోందో, కలవాలంటే ఇంకొకరి మెడలోకి ఎందుకు దించాలో చెప్పింది. దానికి ఆ మెడ గలవాళ్ళను అడగాలంది.

"అడిగారా?"

"అడిగా."

సూదమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వద్దన్నదెవరని అడగనక్కా," అంది. "మీరు చెప్పరని తెలుసు. సరే అన్నవాళ్ళెవరో చెప్పండి. ఒక్క పేరు చెప్పండి చాలు."

అక్క స్క్రీన్ వైపు తిరిగింది. స్క్రీన్ మీద ఐదుగురూ నవ్వుతున్నారు. ఏదో ఒక పేరు చెప్పేద్దామని నా నాలుక చివరి దాకా వచ్చింది, మైక్రోస్కోప్ ఆయన పేరు చెబితే నమ్ముతుందనిపించింది. చెబితే రేపు ఆయనకు దండం పెట్టి మరీ కృతజ్ఞత చెబుతుంది. నోరు కట్టేసుకున్నాను. మేం ఎంతసేపు మాట్లాడకుండా ఉన్నామో, ఆమెకు అంతా తెలిసిపోయేటంత సేపు ఉన్నాం.

"ఒక్కరు కూడానా?" అంది. అడిగినట్టు లేదు, తనకు తనే చెప్పుకున్నట్టుంది.

ఆ ముఖాల వైపే చూస్తూ, "మధ్యాహ్నం నా డబ్బాలో చెయ్యి పెట్టి తింటారక్కా," అంది. "నలుగురూ."

ఆమె ఏడవలేదు. ఏడ్చింది మా అక్క. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమె ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. దగ్గర కళ్ళజోడు తీసి పక్కన పెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. సూదమ్మే ఆమె వీపు నిమిరింది.

తర్వాత సూదమ్మ లేచి స్క్రీన్‌కు దగ్గరగా వచ్చింది. "నన్ను తీసేయండక్కా. మధ్యలో ఖాళీ తెలియకుండా వాళ్ళని దగ్గరికి జరపండి."

"వాళ్ళతో ఒకసారి మాట్లాడు తల్లీ. నీ ముఖంతోనే నువ్వుండొచ్చు కూడా, ఎవరూ..."

"అందరూ వేషాలేసుకుని నవ్వుతుంటే మధ్యలో నా మొహం ఒక్కటే ఉంటుంది. వచ్చినోళ్ళంతా దాన్నే చూస్తారు. ఆ చూపు నాకు కొత్త కాదు, భోజనాల గదిలో కూడా ఎందుకు? తీసేయండి. నా మొహం గురించి నన్నడిగారు కదా, ఇదే నా మాట."

అక్క ఇంకో రెండుసార్లు అడిగింది. సూదమ్మ మాట మార్చలేదు. అప్పుడు అక్క కళ్ళజోడు పెట్టుకుని పనికి కూర్చుంది. పెద్దాయననూ రిసెప్షన్ అమ్మాయినీ మళ్ళీ విడిగా అడిగి ఒకరి ముఖం ఒకరికి మార్చింది. నడుమ కుర్చీని చెరిపి, వెనక గోడ రంగు పూడ్చి, అటువాళ్ళను ఇటు జరిపింది. నేల మీద సూదమ్మ నీడ మిగిలితే అదీ తుడిచింది. అంత శ్రద్ధగా ఆమె చేసిన పని ఇంకొకటి నేను చూడలేదు, చూస్తూ నిలబడలేక బయటికొచ్చేశాను.

ఫొటో తీసుకెళ్ళడానికి ఐదుగురూ కలిసే వచ్చారు. సూదమ్మ కూడా వచ్చింది. ఆమె వాళ్ళతో ఒక్క ముక్క అనలేదని వాళ్ళ ముఖాలు చూస్తే తెలిసింది. ఫ్రేము మీది కాగితం నేనే విప్పాను. రిసెప్షన్ అమ్మాయి చీరలో మీసాలతో పెద్దాయన, పెద్దాయన చొక్కాలో కాటుకతో ఆ అమ్మాయి. నలుగురూ పగలబడి నవ్వారు. అంతలోనే నవ్వు ఒక్కొక్కరి దగ్గరా ఆగిపోయింది. ఫొటోలో నలుగురే ఉన్నారన్న సంగతి ఒకరి తర్వాత ఒకరికి కనబడింది.

సూదమ్మ కౌంటరుకు ఆనుకుని నిలబడి వాళ్ళ వైపే చూస్తోంది. అడుగుతారని చూస్తోంది. నువ్వు లేవేంటి అని ఒక్కరు అడిగినా చాలునన్నట్టుంది ఆ చూపు. అడిగితే ఎవరి పేరు బయటపడుతుందోనని ఎవరి భయం వాళ్ళది. బిల్లులావిడ సంచి సర్దుకుంది. మైక్రోస్కోప్ ఆయన ఫోన్ చూసుకున్నాడు. రిసెప్షన్ అమ్మాయి ఫ్రేము అంచు మీద లేని దుమ్ము తుడిచింది.

పెద్దాయన ఫొటోను వెలుగులోకి తిప్పి అటూ ఇటూ చూశాడు. "బాగా కలిపారమ్మా," అని లోపలి గది వైపు కేకేశాడు. "ఎక్కడా అతుకు కనబడట్లేదు."



"పదండి, ల్యాబ్ తెరిచే వేళయింది," అంది సూదమ్మ. ఫ్రేము బరువుగా ఉందని వాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకుంటుంటే, ఆమే దాన్ని చంకన పెట్టుకుని ముందు మెట్లు దిగింది.